ఎంట్రోపీ "క్రమరాహిత్యం" దగ్గరే ఆగిపోయిందా లేదా తేల్చే ప్రశ్నలు కావాలి

కళింగ_కెమ్ | సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో బీఎస్సీ రెండో ఏడాది పిల్లలకి థర్మోడైనమిక్స్ మీద ప్రెజెంటేషన్ ఇవ్వాలి. చివర్లో పావుగంట ప్రశ్నలకి వదిలారు. "ఎంట్రోపీ అంటే ఏమిటి" అని అడిగితే గది మొత్తం ఒకే గొంతుతో "క్రమరాహిత్యానికి కొలత" అంటుంది. ఆ జవాబుతో ఎవరికి అర్థమైందో, ఎవరు బట్టీ పట్టారో తేలదు. ఆ మాట పట్టుకుని వెళ్లేవాళ్లు తప్పు జవాబు దగ్గర తేలాలి, లెక్క వేసినవాళ్లు సరైన చోట తేలాలి. అలాంటి ప్రశ్నలు రెండు మూడు ఉంటే చాలు. వీలైతే ఒకటి బల్ల మీద చేసి చూపించేది అయితే ఇంకా మంచిది.

బిట్_బ్యాంకు | సాయంత్రం 6:58

ఈఏపీసెట్ లెవెల్లో నా దగ్గర చాలా బిట్లున్నాయి. "కింది వాటిలో ఎంట్రోపీ పెరిగేది ఏది: నీరు గడ్డకట్టడం, ఆవిరి నీరవడం, ఉప్పు నీటిలో కరగడం, వాయువును కుదించడం." జవాబు మూడోది. పిల్లలు పది సెకన్లలో పెట్టేస్తారు. కావాలంటే పీడీఎఫ్ పెడతాను.

కళింగ_కెమ్ | సాయంత్రం 7:05

థాంక్సండీ, కానీ నాకు కావలసింది సరిగ్గా దీనికి ఎదురుది. పది సెకన్లలో పెట్టగలిగారంటే "చెల్లాచెదురైంది కాబట్టి పెరిగింది" అనే ఒక్క వాక్యంతో పని జరిగిపోయినట్టే.

వంశధార | రాత్రి 7:31

ఆ బిట్‌నే తీసుకోండి, అందులోనే మీకు కావలసింది ఉంది. "ఘనపదార్థం నీటిలో కరిగితే వ్యవస్థ ఎంట్రోపీ పెరుగుతుంది" అన్నది పిల్లలకి ఎంత గట్టిగా నాటుకుందో చూడండి. వంటుప్పు విషయంలో నిజమే, 25 డిగ్రీల దగ్గర ఒక మోల్ కరిగితే సుమారు +43 J/K. ఇప్పుడు నీరులేని మెగ్నీషియం సల్ఫేట్ తీసుకోండి. అదీ నీటిలో శుభ్రంగా కరుగుతుంది, దానంతట అదే కరుగుతుంది. కానీ పట్టికలోని ప్రామాణిక విలువలతో లెక్క వేస్తే వ్యవస్థ ఎంట్రోపీ మోల్‌కి దాదాపు 210 J/K తగ్గుతుంది.

నేనైతే రెండు గ్లాసులు పక్కపక్కన పెడతాను. ఒక్కోదానిలో 100 మిల్లీలీటర్ల నీరు. ఒకదానిలో నవాసారం, అంటే అమ్మోనియం క్లోరైడ్, 5.4 గ్రాములు. రెండోదానిలో నీరులేని మెగ్నీషియం సల్ఫేట్ 12 గ్రాములు. రెండూ పదో వంతు మోల్. నవాసారం గ్లాసు మూడు డిగ్రీల పైచిలుకు చల్లబడుతుంది. మెగ్నీషియం గ్లాసు బాగా వేడెక్కుతుంది. లెక్క ప్రకారం 20 డిగ్రీల దాకా రావాలి, గ్లాసు కొంత వేడి తాగుతుంది కాబట్టి అంతకంటే తక్కువే చూస్తారు.

కరిగించకముందే పిల్లలందరికీ ఒక చీటీ ఇవ్వండి. ఒక్కో గ్లాసుకి మూడు గడులు: వ్యవస్థ, పరిసరాలు, మొత్తం. ప్రతి గడిలో ప్లస్సో మైనస్సో వేసి, కింద ఒక వాక్యంలో కారణం రాయాలి. థర్మామీటర్ చూశాక రెండో రంగు పెన్నుతో దిద్దుకోవచ్చు.

పదో వంతు మోల్‌కి వచ్చేవి ఇవి:

నవాసారం: వ్యవస్థ +7.5, పరిసరాలు −5.0, మొత్తం +2.5 J/K
మెగ్నీషియం సల్ఫేట్: వ్యవస్థ −21, పరిసరాలు +30.6, మొత్తం +9.6 J/K

ఇవి ప్రామాణిక విలువల నుంచి వచ్చినవి. గ్లాసులోని గాఢతకి అంకెలు కొంత జరుగుతాయి, గుర్తులు మాత్రం మారవు. క్రమరాహిత్యం పట్టుకున్నవాడు రెండు గ్లాసులకీ వ్యవస్థ గడిలో ప్లస్ వేస్తాడు. అక్కడే దొరికిపోతాడు.

గజపతినగరం_ల్యాబ్ | రాత్రి 7:52

వంశధార గారు చెప్పింది బాగుంది, కానీ ల్యాబ్‌లో ఇది బెడిసికొట్టేది మెగ్నీషియం సల్ఫేట్ దగ్గరే. మేడమ్, ఎరువుల కొట్టులో "మెగ్నీషియం సల్ఫేట్" అని అడిగితే ఇచ్చేది ఎప్సమ్ సాల్ట్. అందులో ఒక్కో మోల్‌కి ఏడు మోల్‌ల నీరు ముందే పట్టి ఉంటుంది. దాన్ని కరిగిస్తే గ్లాసు వేడెక్కదు సరికదా, కొద్దిగా చల్లబడుతుంది. ప్రదర్శన తలకిందులైపోతుంది.

ల్యాబ్ బీరువాలో డ్రైయింగ్ ఏజెంట్‌గా వాడే సీసా ఉంటే అదే వాడండి. మూత సరిగ్గా పెట్టని సీసా అయితే గాలిలో చెమ్మ తాగేసి ఉంటుంది. పొడి జారుతూ పడాలి. గడ్డలు కట్టి, స్పాచులాకి అంటుకుంటుంటే నమ్మొద్దు. పరీక్షనాళికలో చిటికెడు వేసి రెండు మిల్లీలీటర్ల నీరు పోసి చేత్తో పట్టుకుంటే చాలు, మంచిదైతే వెంటనే వెచ్చగా తగులుతుంది. ఎప్సమ్ సాల్ట్‌ని వేయించి నీరు పోగొట్టొచ్చు గానీ, చివరి నీటి అణువు వదలాలంటే 200 డిగ్రీలు దాటాలి. మామూలు ఓవెన్‌లో 110 దగ్గర పెట్టి అయిపోయిందనుకుంటే సగంలోనే ఆగినట్టు.

ఇంకోటి. 12 గ్రాములూ ఒక్కసారి కుమ్మరిస్తే అడుగున సిమెంటులా గట్టిపడిపోతుంది, కరగదు. కలుపుతూ కొంచెం కొంచెం వేయాలి. నీటిలో పొడి వేయాలి, పొడి మీద నీరు పోయకూడదు. కళ్లద్దాలు పెట్టుకోండి.

పొందూరు_పోగు | రాత్రి 8:10

ఇందులో పెద్ద చిక్కేమీ లేదండి. సూత్రం ఒక్కటే: ΔS = q/T. ఎటు వేడి పోయిందో చూసి, ఉష్ణోగ్రతతో భాగించడమే. వేడి వస్తే పెరుగుతుంది, పోతే తగ్గుతుంది. మెగ్నీషియం గ్లాసు నుంచి వేడి బయటికి పోయింది కాబట్టి వ్యవస్థకి మైనస్. పిల్లలకి ఇది నేర్పితే క్రమరాహిత్యం గొడవే అక్కర్లేదు.

వంశధార | రాత్రి 8:34

పరిసరాల గడికి మీ మాట సరిగ్గా సరిపోతుంది. గది పెద్దది, దాని ఉష్ణోగ్రత మారదు, అందుకే 9.12 కిలోజౌళ్లని 298తో భాగిస్తే +30.6 వచ్చింది. కానీ వ్యవస్థకి అదే సూత్రం వాడితే −30.6 రావాలి కదా. అప్పుడు మొత్తం సున్నా అయ్యేది. వచ్చింది −21. ఆ తేడాయే కరగడాన్ని ముందుకు నడిపింది. q/T వ్యవస్థకి పనిచేసేది రివర్సిబుల్ దారిలో వెళ్లినప్పుడు మాత్రమే. చెంచాతో కలిపి కరిగించడం ఆ దారి కాదు.

దీన్ని విడిగా పట్టుకోవడానికి రెండో ప్రశ్న పెట్టండి. దీనికి సామాను అక్కర్లేదు, స్లయిడ్ మీద రెండు బొమ్మలు చాలు.

ఒక మోల్ ఆర్గాన్, 300 కెల్విన్ దగ్గర, గోడలన్నీ వేడిని ఆపేవే. మొదటి బొమ్మలో పక్కన ఖాళీ గది ఉంది, అడ్డుగోడ ఒక్కసారిగా తీసేశాం, వాయువు రెండింతల చోటులోకి వ్యాపించింది. రెండో బొమ్మలో పిస్టన్ ఉంది, బరువులు ఇసుక రేణువుల్లా ఒక్కొక్కటే తీస్తూ అతి నెమ్మదిగా అదే రెండింతలకి తెచ్చాం. రెండింటిలోనూ లోపలికీ బయటికీ వేడి పోలేదు. ఎంట్రోపీ మార్పు ఎంతెంత?

క్రమరాహిత్యం పట్టుకున్నవాడు "చోటు రెండింతలైంది, రెండింటిలోనూ ఒకేలా పెరిగింది" అంటాడు. q/T పట్టుకున్నవాడు "వేడి లేదు కాబట్టి రెండూ సున్నా" అంటాడు. మొదటిదానిలో R ln 2, అంటే 5.76 J/K. రెండోదానిలో సున్నా. ఒకే ప్రశ్నకి మూడు రకాల జవాబులొస్తాయి. ఎవరు ఏ మాట మీద ఆధారపడుతున్నారో పేపర్ చూస్తే తెలిసిపోతుంది.

పొందూరు_పోగు | రాత్రి 8:49

మొదటిదానిలో 5.76 సరే, అడ్డుగోడ తీయడం రివర్సిబుల్ కాదు, ఒప్పుకున్నాను. రెండోదానిలో మాత్రం చోటు నిజంగానే రెండింతలైంది కదండీ. అణువులకి తిరగడానికి ఎక్కువ జాగా దొరికింది. మరి సున్నా ఎలా? "q సున్నా కాబట్టి" అని కాకుండా చెప్పండి.

వంశధార | రాత్రి 9:15

ఇదే ప్రశ్న ఏ పిల్లాడైనా అడిగితే మీ ప్రెజెంటేషన్ నెరవేరినట్టే, కళింగ గారూ.

అణువు ఎక్కడుందన్నది ఒక్కటే లెక్క కాదు, ఎంత వేగంతో ఎటు పోతోందన్నదీ లెక్కే. పిస్టన్‌ని నెట్టడంలో వాయువు తన శక్తిని ఖర్చుపెట్టింది. ఆర్గాన్ ఉష్ణోగ్రత 300 నుంచి 189 కెల్విన్‌కి పడిపోతుంది, అంటే 0.63 వంతు. వేగం ఉష్ణోగ్రతకి వర్గమూలంగా మారుతుంది కాబట్టి ఒక్కో దిక్కులో వేగాల విస్తృతి 0.794 వంతుకి తగ్గింది. దిక్కులు మూడు. 0.794ని మూడుసార్లు గుణించండి, సరిగ్గా సగం వస్తుంది. చోటు రెండింతలు, వేగాల ఎంపిక సగం. రెండూ గుణిస్తే ఒకటి. ఒక్కో అణువుకి సాధ్యమయ్యే స్థితుల సంఖ్య పెరగలేదు, తరగలేదు. మొదటి బొమ్మలో పిస్టన్ లేదు, శక్తి ఖర్చు కాలేదు, వేగాలు అలాగే ఉన్నాయి, చోటు మాత్రం రెండింతలైంది. అందుకే ln 2.

ఈ గుణకారం బోర్డు మీద చెయ్యండి. "చెదిరిపోవడం" అన్న మాటకి వేగాలు కనపడవు. స్థితుల లెక్కకి కనపడతాయి.

నౌపడ_మడి | రాత్రి 9:27

నాదో అనుమానం. నేను కెమిస్ట్రీ చదివినోడిని కాను, మా ఇంట్లో ఉప్పు మడులు చూసుకుంటాం. మడిలో ఉప్పు పండడమంటే కరిగి ఉన్నది స్ఫటికం అవడమే. మీ లెక్కన ఎంట్రోపీ తగ్గినట్టేనా? ఎండ ఉంది కాబట్టి అంటారు. కానీ ఏటంటే, ఎండ బాగానే ఉన్నా గాలిలో చెమ్మ ఎక్కువున్న రోజుల్లో ఉప్పు సరిగ్గా దిగదు. రాశి పోసింది కూడా తడెక్కుతుంది. ఎండ ఒక్కటే కారణమైతే అలా అవకూడదు కదా.

వంశధార | రాత్రి 9:58

బాబూ, మూడో ప్రశ్న మీరే ఇచ్చేశారు.

మడిలో నీరు సంతృప్తమైంది అనుకుందాం, మీ బోమే మీటర్ 25 దాటాక. ఆ దశలో ఉప్పు స్ఫటికం, చుట్టూ ఉన్న ద్రావణం సమతాస్థితిలో ఉంటాయి. అంటే కొంచెం ఉప్పు అటో ఇటో అయినా మొత్తం ఎంట్రోపీ మారదు. చాలామంది "స్ఫటికం క్రమబద్ధం, దానికి పరిహారం ఎక్కడ" అని వెతుకుతారు. నడిపించేది అక్కడ లేదు. నడిపించేది నీరు గాలిలోకి పోవడం. కిలో నీరు పోతే దాని వెనక 360 గ్రాముల దాకా ఉప్పు దిగుతుంది.

ఇప్పుడు నీరు ఎప్పుడు పోతుంది? సంతృప్త ఉప్పునీటి మీద ఆవిరి ఒత్తిడి, మంచినీటి మీద ఉండేదానిలో సుమారు 75 శాతం. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 60 శాతం అనుకోండి, మడి నీరూ గాలీ ఒకే వేడిలో ఉన్నాయనుకోండి. ఒక మోల్ నీరు లేచిపోతే మొత్తం ఎంట్రోపీ మార్పు:

R ln(0.75/0.60) = +1.86 J/K

కిలో నీటికి దాదాపు 103 J/K. ఆర్ద్రత 75 అయితే ln 1, సున్నా, ఎటూ కదలదు. 85 అయితే మోల్‌కి −1.04, అంటే ఆ దారిన నడవదు, ఎదురు దారిన నడుస్తుంది: గాలిలో నీరే వచ్చి ఉప్పు మీద చేరుతుంది. మీ రాశి తడెక్కేది అందుకే. ఉప్పు మారలేదు, స్ఫటికం మారలేదు, 75కి అటు ఉందా ఇటు ఉందా అన్నదాన్ని బట్టి దిక్కు మారింది.

నౌపడ_మడి | రాత్రి 10:11

75 కంటే తక్కువున్నా తడెక్కిన రాశులు చూశానండి. పైగా మధ్యాహ్నం పూట మడి నీరు గాలి కంటే వేడిగా ఉంటాది.

వంశధార | రాత్రి 10:24

రెండూ నిజమే. మడి వేడిగా ఉంటే దాని ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి 75 దాటిన గాలిలోకి కూడా నీరు పోగలదు. ఎండ చేసే సాయం అది. తడెక్కడం సంగతికొస్తే, చివర్లో మిగిలే చేదు నీరు సరిగ్గా తీయకపోతే అందులోని మెగ్నీషియం క్లోరైడ్ రాశికి అంటుకుంటుంది. దాని సంతృప్త ద్రావణం 33 శాతం ఆర్ద్రత దగ్గరే సమతాస్థితిలో ఉంటుంది, అంతకు పైనున్న గాలి నుంచి చెమ్మ లాగేస్తుంది. మన కోస్తాలో గాలి అంత పొడిగా ఉండదు కదా.

కళింగ గారూ, పిల్లలకి పెట్టేటప్పుడు మాత్రం "ఒకే ఉష్ణోగ్రత, శుద్ధమైన వంటుప్పు" అని రాయండి. లేకపోతే ఈయన అడిగినవన్నీ న్యాయంగానే అడుగుతారు.

రాజాం_రసాయనం | రాత్రి 10:40

నాకు మొదటి ప్రశ్న దగ్గర రెండు అభ్యంతరాలున్నాయి.

ఒకటి, గ్లాసు. గజపతినగరం మేడమ్ ఏ గ్లాసో చెప్పలేదు. మన కాలేజీల్లో వేడి కొలవాలంటే థర్మోకోల్ కప్పు తీస్తారు. థర్మోకోల్ కప్పులో వేడి బయటికి పోనే పోదు. అప్పుడు పరిసరాల గడిలో +30 ఎక్కడినుంచి వచ్చింది? తెలివైన పిల్లాడు సున్నా వేస్తాడు, మీరు తప్పు కొడతారు. అది అన్యాయం.

రెండు, కారణం. మెగ్నీషియం అయాన్ చిన్నది, రెండు చార్జీలు, ఆరు నీటి అణువుల్ని దగ్గరగా బిగించి పట్టుకుంటుంది, అందుకే ఎంట్రోపీ తగ్గింది అంటాం. "నీటి అణువులు వరసలో నిలబడ్డాయి కాబట్టి తగ్గింది" అనడం మళ్లీ ఆ క్రమం మాటే కదా? ముందు గుమ్మంలోంచి పంపించి వెనక గుమ్మంలోంచి పిలిచినట్టు ఉంది.

వంశధార | రాత్రి 11:06

మొదటిదానికి తిరుగు లేదు. −21 అన్నది ముందూ వెనకా రెండూ 25 డిగ్రీల దగ్గర పోల్చిన సంఖ్య. థర్మోకోల్ కప్పులో, వేడిగా ఉన్నంతసేపు, పరిసరాల మార్పు సున్నా, వ్యవస్థ మార్పు ప్లస్సే అయి తీరాలి. కరగడం వల్ల తగ్గినదాని కంటే వేడెక్కడం వల్ల పెరిగింది ఎక్కువ. తర్వాత గదికి వేడి వదిలి చల్లారినప్పుడు వ్యవస్థ మైనస్‌లోకి దిగుతుంది. కాబట్టి ప్రశ్నలో "గ్లాసు తిరిగి గది ఉష్ణోగ్రతకి వచ్చాక" అన్న మాట తప్పనిసరి. స్టీలు గ్లాసు వాడండి, అది చల్లారడం పిల్లలకి చేతికి తెలుస్తుంది. టైం ఉంటే థర్మోకోల్ కప్పునే నాలుగో ప్రశ్న చెయ్యండి, చాలా మంచి ప్రశ్న అది.

రెండోదానితో సగమే ఏకీభవిస్తాను. జవాబు తెలిశాక వివరణగా ఆ బొమ్మ పనికొస్తుంది. ముందుగా చెప్పడానికి పనికిరాదు. సోడియం కూడా నీటిని పట్టుకుంటుంది, అయినా వంటుప్పుకి +43. అయాన్లు విడిపోయి పొందిన స్వేచ్ఛ ఎంత, నీరు కోల్పోయింది ఎంత అని తూచకుండా గుర్తు చెప్పలేం. ఆ తూకం సంఖ్యలతోనే.

రాజాం_రసాయనం | రాత్రి 11:19

అయితే పిల్లాడు పట్టిక చూడకుండా మెగ్నీషియం సల్ఫేట్‌కి మైనస్ అని ఎలా చెప్పాలి? చెప్పలేడు. మరి ఆ గడి పరీక్షిస్తున్నది అవగాహననా, జ్ఞాపకాన్నా? నా మటుకు నేను ఆ గడిలో "చెప్పలేను, విలువలు కావాలి" అని రాసినవాడికి పూర్తి మార్కులిస్తాను.

వంశధార | రాత్రి 11:25

నేను సగం ఇస్తాను. రెండో రంగు పెన్ను తీసేలోపు, వేడెక్కిన గ్లాసు చూసి "వ్యవస్థ తగ్గినా మొత్తం పెరగొచ్చు" అని రాయగలగాలి. దానికి పట్టిక అక్కర్లేదు.

కళింగ_కెమ్ | ఉదయం 6:15

ఆ మార్కుల సంగతి నేను ఇంకా ఆలోచించుకోవాలి. ప్రస్తుతానికి చీటీలో ప్లస్, మైనస్‌తో పాటు "విలువ కావాలి" అన్న మూడో ఎంపిక పెడుతున్నాను, అది ఎంచుకుంటే ఏ విలువ కావాలో రాయాలి. రెండు సందేహాలు. మా ల్యాబ్‌లో నీరులేని మెగ్నీషియం సల్ఫేట్ దొరక్కపోతే కాల్షియం క్లోరైడ్ పెట్టొచ్చా? అదీ వేడెక్కుతుంది. రెండోది, ఆర్గాన్ బదులు గాలి అని రాస్తే పిల్లలకి దగ్గరగా ఉంటుందా?

వంశధార | ఉదయం 7:02

కాల్షియం క్లోరైడ్ వద్దమ్మా. పట్టికలో దానికీ మైనస్సే, మోల్‌కి 45 దరిదాపు. కానీ ఆ విలువ ఆదర్శ గాఢతకి. మూడు అయాన్లుగా విడిపోయే లవణం కదా, గ్లాసులో నిజంగా ఉండే గాఢతకి సవరణ వేస్తే అదీ అదే పరిమాణంలో ఉంటుంది, ప్లస్ వైపు. అంకె చిన్నది, సవరణ పెద్దది, ఇక ఆ గుర్తు మీద భరోసా ఉండదు. మెగ్నీషియం సల్ఫేట్‌లో 210 ఉంది, సవరణ దాన్ని తిప్పలేదు.

గాలి అని రాయొద్దు. గాలి అణువులు తిరుగుతాయి కూడా. అదే నెమ్మది వ్యాకోచంలో గాలి 227 కెల్విన్ దగ్గరే ఆగుతుంది, వేగాల ఎంపిక సగం వరకూ తగ్గదు, మిగతాది భ్రమణ స్థితుల్లో తగ్గుతుంది. అప్పుడు 0.794 గుణకారం బోర్డు మీద కలవదు. ఆర్గాన్ అనే ఉంచండి.

గజపతినగరం_ల్యాబ్ | ఉదయం 7:40

మేడమ్, సీసా దొరికితే ప్రదర్శన ముందురోజు సాయంత్రమే 12 గ్రాములు తూచి, చిన్న పాలిథిన్ కవర్లో వేసి గాలి తీసి బిగించేయండి. తూచిన పొడి వాచ్‌గ్లాసులో రాత్రంతా ఉంటే పొద్దునకి సగం చెమ్మ పట్టేస్తుంది.